ఫైనల్ పుస్తకంలో పదకొండో పేరు

నగర ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ నిర్వాహక కమిటీ పెద్దలకు,
హైదరాబాద్.

అయ్యా,

ఈసారి ఫైనల్ చూడటానికి వచ్చేవాళ్ల చేతికి ఒక చిన్న పుస్తకం ఇవ్వాలని మీరు అనుకుంటున్నట్టు తెలిసింది. రెండు జట్ల ఆటగాళ్ల వివరాలు, పోటీ చరిత్ర, స్పాన్సర్ల ప్రకటనలు అన్నీ అందులో ఉంటాయట. ఈ మాట వినగానే నాకు చాలా సంతోషం వేసింది. వెంటనే కొంచెం భయం కూడా వేసింది. నేను ముప్పై ఏళ్లకు పైగా నగరంలోని ప్రెస్సుల్లో ప్రూఫ్‌లు దిద్దినవాణ్ని. అంతకుముందు నుంచే జింఖానా మైదానంలో తాడు పక్కన నిలబడి ఆట చూసినవాణ్ని. ఈ రెండు అనుభవాలూ కలిసి నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి. 1980ల మొదట్లో మా అన్న ఒక స్థానిక టోర్నమెంటు ఫైనల్ ఆడాడు. ఏ టోర్నమెంటో చెప్పను, ఎందుకంటే ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అన్న రైట్ బ్యాక్. రెండో నంబరు జెర్సీ. ఆ రోజు ఎనిమిది పేజీల పుస్తకం వేశారు, ఇంగ్లీషులో. అప్పట్లో చేసినట్టే జట్టును మైదానం బొమ్మలా పేర్చారు. పైన గోల్‌కీపరు, కింద ఇద్దరు బ్యాకులు, వాళ్ల కింద ముగ్గురు, ఆ కింద ఐదుగురు. మా అన్న పేరుతోనే జట్టులో ఇంకొకరు ఉన్నారు, లెఫ్ట్ వింగులో. ఇంటిపేర్లు వేరు. కానీ క్లబ్బు వాళ్లు ఇచ్చిన చీటీలో ఇంటిపేరు పొడి అక్షరాలు లేవు. సీసం అక్షరాలు కూర్చే కంపోజిటరు ఒకే పేరు రెండుసార్లు చూసి, పొరపాటున రెండుసార్లు రాశారనుకుని ఒకటి తీసేశాడు. ఖాళీ అయిన చోట సబ్‌స్టిట్యూట్ల వరుసలోంచి ఒక పేరు తెచ్చి పెట్టాడు. అచ్చులో పదకొండు మందీ ఉన్నారు. లెక్క సరిపోయింది కాబట్టి తప్పు ఎవరికీ కనిపించలేదు.

ఆ పుస్తకాన్ని మా అమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల మధ్య దాచుకుంది. ఆమెకు చదువు రాదు. అన్నను అడిగి ఒక పేరు పక్కన నీలం పెన్నుతో టిక్కు పెట్టించుకుంది. ఆ పేరు లెఫ్ట్ వింగులో ఉంది. రైట్ బ్యాక్ ఆడిన కొడుకు అక్కడెందుకున్నాడని ఎవరో అడిగినప్పుడు ఆమె అన్నను నిలదీసింది: "ఇది నీ పేరా, వాడి పేరా?" అన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఇవాళ్టికీ లేదు. ఆ మ్యాచ్‌లో అన్న ఆడినట్టు ఇంకెక్కడా ఒక్క అక్షరం మిగల్లేదు. పత్రికలో వచ్చిన నాలుగు వరుసల వార్తలో గోల్ కొట్టినవాళ్ల పేర్లే ఉన్నాయి. రైట్ బ్యాకులు గోల్స్ కొట్టరు కదా.

స్థానిక ఫైనల్‌కు టీవీ రికార్డింగు ఉండదు. స్కోరు ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. కప్పు మీద గెలిచిన జట్టు పేరు చెక్కుతారు. ఆ మధ్యాహ్నం మైదానంలోకి దిగిన మిగతా మనుషులు అచ్చులో మిగిలేది మీరు వేసే పుస్తకంలోనే. అందుకే నా మొదటి మనవి: పుస్తకం పనిని ముఖచిత్రం నుంచి మొదలుపెట్టకండి, నడిమి పేజీల నుంచి మొదలుపెట్టండి.

ఎలాగో చెబుతాను. ఎ4 కాగితాన్ని సగానికి మడిస్తే చేతిసంచిలో పట్టే సైజు వస్తుంది. ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు. నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యలో రెండు పిన్నులు కొడితే పదహారు పేజీల పుస్తకం. పేజీల లెక్క ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. పద్నాలుగు పేజీలకు సరిపడా సరుకుంటే మిగిలిన రెండు పేజీల్లోకి హడావుడిగా ఏదో ఒక ప్రకటన వచ్చి కూర్చుంటుంది. పదహారు పేజీల పుస్తకంలో ఎనిమిది, తొమ్మిది పేజీలు నడిమివి. పుస్తకం తెరిస్తే తనంతట తానే విచ్చుకునేది అక్కడే. ఆ రెండు పేజీలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే అచ్చవుతాయి కాబట్టి గీత అటు నుంచి ఇటు తెగకుండా సాగుతుంది. ఎడమ పేజీ ఒక జట్టుకు, కుడి పేజీ రెండో జట్టుకు. అక్కడ ఎంత పెద్ద స్పాన్సరు అడిగినా ఒక్క అంగుళం కూడా ఇవ్వకండి.

ఆ రెండు పేజీలకు ఏ కాగితం వాడతారన్నది కూడా ముఖ్యమే. మెరిసే ఆర్ట్ పేపరు మీద ఫొటో బాగుంటుంది గానీ పెన్సిలు గీత పడదు, బాల్ పెన్ను జారుతుంది, సిరా అరచేతికి అంటుకుంటుంది. ఫైనల్ పుస్తకం కొన్నవాడు దాన్ని చదివి ఊరుకోడు, దానిమీద రాస్తాడు. ఎవరు దిగారు, ఎన్నో నిమిషంలో గోల్ పడింది, ఎవరికి పసుపు కార్డు చూపించారు, అన్నీ. అందుకని కవరుకు ఆర్ట్ కార్డు వాడినా, లోపలి పేజీలకు మామూలు మ్యాప్లిథో వేయండి. ప్రతి పేరు పక్కన చిటికెన వేలి వెడల్పు ఖాళీ వదలండి. పేజీ అడుగున గోల్స్‌కు రెండు వరుసలు, మార్చిన ఆటగాళ్లకు ఐదు వరుసలు వదలండి. ఇప్పుడు ఒక్కో జట్టు ఐదుగురిని మార్చుకోవచ్చు కాబట్టి ఐదు. నా దగ్గరున్న పాత పుస్తకాల్లో నేను ఎక్కువగా తీసి చూసేవి ఎవరో పెన్సిలుతో నింపినవే.

ఇక జాబితా సంగతి. ఫైనల్ ఆదివారం అనుకుందాం. శుక్రవారం మధ్యాహ్నానికి ఫైలు ప్రెస్సుకు వెళ్లకపోతే శనివారం రాత్రికి పుస్తకం చేతికి రాదు. అంటే తుది పదకొండు మంది ఎవరో శుక్రవారానికి ఎవరికీ తెలియదు. కోచ్ ఆ కాగితం ఇచ్చేది ఆట మొదలయ్యే ముందు. తెలియనిదాన్ని తెలిసినట్టు అచ్చు వేయడం వల్లనే సగం తప్పులు వస్తాయి. పుస్తకంలో మీరు వేయాల్సింది లీగులో నమోదైన మొత్తం జట్టు, జెర్సీ నంబర్ల వరుసలో. పాత పద్ధతిలో మైదానం బొమ్మలా పేర్చకండి. ఆ బొమ్మ జట్టు ఆడే తీరును ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తన జట్లను వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురుగా ఆడించిన కాలంలో కూడా కార్యక్రమ పుస్తకాల్లో పాత ఇద్దరు-ముగ్గురు-ఐదుగురు వరుసలే వేసే అలవాటు పోలేదు. నంబరు, పేరు, ఆడే స్థానం. ఈ మూడింటితో స్టాండులో కూర్చున్నవాడికి పని జరుగుతుంది. ఆ రోజు దిగే పదకొండు మందిని వేరే చీటీ మీద, మైదానం దగ్గరే జిరాక్సు తీయించి పుస్తకంలో పెట్టి ఇవ్వండి. చీటీ మీద తేదీ, రెండు జట్ల పేర్లు ఉండాలి. లేకపోతే పుస్తకంలోంచి జారిపోయిన రోజున అది ఏ మ్యాచ్‌దో తెలియదు.

పేర్ల దగ్గర నాకు తెలిసిన ఒకే ఒక్క మందు ఉంది. బుధవారం సాయంత్రం ప్రాక్టీసు జరిగేటప్పుడు ఒక మనిషిని టైపు చేసిన జాబితాతో పంపండి. ఒక్కో ఆటగాడి చేతికి కాగితం ఇచ్చి, "నీ పేరు చూసుకో, సరిగ్గా ఉంటే పక్కన సంతకం పెట్టు" అనమనండి. కోచ్‌నో, మేనేజర్‌నో అడిగితే చాలదు. మేనేజరు రోజూ పిలిచే పేరే రాస్తాడు. మన నగరంలో ఇది మరీ ముఖ్యం. ఒకే జట్టులో ముగ్గురు మొహమ్మద్‌లు, ఇద్దరు సాయిలు ఉంటారు. ఒకడి పేరు చివర ఉద్దీన్ ఉంటుంది, ఇంకొకడిది ఖాన్. ఒక కుర్రాడికి ఇంటిపేరు ముందు వస్తుంది, తమిళ కుటుంబం నుంచి వచ్చినవాడికి తండ్రి పేరు అక్షరమై వస్తుంది. పూర్తి పేరు ఒకసారి రాసి, అందరూ పిలిచే పేరు పక్కన వేయండి. ఒకే పేరున్న ఇద్దరుంటే వాళ్ల వరుసల పక్కన ప్రూఫులోనే "ఇద్దరూ వేరు" అని రాసి పంపండి. మా అన్న విషయంలో ఆ రెండు మాటలు ఎవరైనా రాసి ఉంటే సరిపోయేది.

వీలైతే ప్రతి పేరు కింద ఒక్క వరుస చేర్చండి. అతను బతుకుతెరువుకు ఏం చేస్తాడు, ఏ బస్తీలో ఆట నేర్చుకున్నాడు, ఇది ఎన్నో ఫైనల్. పుట్టిన తేదీ, ఫోను, చిరునామా వద్దు. పెద్ద క్లబ్బుల పుస్తకాల్లో ఇంతకుముందు ఏ క్లబ్బుకు ఆడాడో వేస్తారు. మన స్థానిక ఆటగాడికి అంతకంటే చెప్పుకోదగ్గ సంగతులున్నాయి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి గోల్ కాసేవాడుంటాడు, పరీక్ష రాసి నేరుగా మైదానానికి వచ్చేవాడుంటాడు. స్టాండులో కూర్చున్న అతని పక్కింటివాళ్లు వెతికేది ఆ వరుస కోసమే. కోచ్ పేరుతో పాటు జెర్సీలు ఉతికి, సంచులు మోసే మనిషి పేరు కూడా వేయండి. రిఫరీ, ఇద్దరు అసిస్టెంట్లు, నాలుగో అధికారి, వీళ్ల నలుగురి పేర్లు తప్పకుండా వేయాలి.

చరిత్ర పేజీ గురించి కొంచెం వివరంగా రాస్తాను, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. ఎక్కడో చూసిన నాలుగు పేరాలు తెచ్చి అతికిస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఫొటో పెడతారు, "మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కాంస్యం" అని రాసేస్తారు. 1956లో మెల్‌బోర్న్‌లో మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. బంగారం వచ్చింది ఆసియా క్రీడల్లో, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ కోచ్ రహీం సాబే. నాలుగో స్థానం చిన్నదేం కాదు. లేని పతకం వేసి ఆ మనిషిని గౌరవించలేం.

రెండో చిక్కు పేర్లు మారడం. మన నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్‌ను 1950లో, 1954లో, 1957లో హైదరాబాద్ నగర పోలీసు జట్టుగా గెలిచింది, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా గెలిచింది. పేరు పట్టుకుని లెక్కపెట్టేవాడు మూడే అంటాడు. జట్టు తెలిసినవాడు నాలుగంటాడు. సంతోష్ ట్రోఫీదీ ఇదే కథ. రాష్ట్రం 1956 నవంబరులో మారిపోయినా 1956-57, 1957-58 సీజన్లలో ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. 1965-66లో గెలిచిన జట్టు పేరు ఆంధ్రప్రదేశ్. కాబట్టి ఏ విజయం రాసినా అప్పుడు జట్టుకున్న పేరే వేసి, ఆ తర్వాత ఏ పేరైందో పక్కన ఒక ముక్క చేర్చండి. మీ ఫైనల్‌కొచ్చిన క్లబ్బులకు కూడా ఇది వర్తిస్తుంది. బస్తీ పేరుతో మొదలై, ఎవరో దాత పేరు తగిలించుకుని, ఆ తర్వాత అకాడమీగా మారిన క్లబ్బులు మనకు చాలా ఉన్నాయి.

ఇంకొక చిన్న విషయం. ఒకప్పుడు మన దేశంలో పెద్ద టోర్నమెంట్లు కూడా డెబ్బై నిమిషాలే ఆడేవారు. పాత ఫైనల్ గురించి "చివరి నిమిషంలో గోల్" అని ఎవరైనా చెబితే అది తొంభయ్యో నిమిషం కాకపోవచ్చు. నిమిషం అంకె ఖాయంగా తెలియకపోతే వేయకండి.

రహీం సాబ్ గురించి, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గురించి, పీటర్ తంగరాజ్ గురించి ఒక పేజీ రాయండి, తప్పకుండా రాయండి. కానీ చరిత్రకు మీరిచ్చే చోటులో ఎక్కువ భాగం ఈ పోటీకే దక్కాలి. ఇప్పటిదాకా జరిగిన ఫైనల్స్ పట్టిక వేయండి: సంవత్సరం, గెలిచిన జట్టు, ఓడిన జట్టు, స్కోరు, మైదానం. ఓడిన జట్టు పేరు లేని పట్టిక సగం పట్టికే. తెలియని గడిలో గీత పెట్టండి, ఊహ రాయకండి. తెలుసుకోవడానికి దారి ఉంది. క్లబ్బులో అందరికంటే పెద్దవాణ్ని అడిగితే సంవత్సరం చెప్పలేకపోవచ్చు గానీ, "మా చెల్లి పెళ్లైన ఏడాది" అంటాడు. అక్కణ్నుంచి తేదీ దగ్గరకు రావచ్చు. ఆ తర్వాతి రోజు పత్రిక ఎక్కడ భద్రంగా ఉందో వెతికితే స్కోరు దొరుకుతుంది. ఒక్క గడి నిండడానికి ఒక పూట పడుతుంది. ఈసారి ఐదు గడులు నిండితే చాలు, వచ్చే ఏడాది మరో ఐదు. కప్పు ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో రెండు వాక్యాలు రాయండి. ఆ పేరు మైకులో యాభైసార్లు వినిపిస్తుంది, ఆయనెవరని ఏ కుర్రాడైనా అడిగితే చెప్పేవాళ్లు ఉండరు.

స్పాన్సర్లు లేకుండా పుస్తకం రాదని నాకు తెలుసు. ప్రెస్సు బిల్లు కట్టేది వాళ్లే. పదహారు పేజీల్లో ఆరు వాళ్లకివ్వండి: కవరు లోపలి వైపులు రెండు, వెనక కవరు, లోపల మూడు పేజీలు. వెనక కవరుకు ఎక్కువ తీసుకోండి, పుస్తకం బెంచీ మీద బోర్లా పెట్టినా కనిపించేది అదే. ప్రకటన ఎవరైనా విజిటింగ్ కార్డు రూపంలో ఇస్తే, డీటీపీలో కొత్తగా కూర్చిన ఫోన్ నంబరుకు ఒకసారి ఫోను చేసి చూడండి. నా ఉద్యోగంలో నేను కోల్పోయిన పార్టీల్లో చాలామంది ఒక్క అంకె తప్పు పడటం వల్ల పోయినవాళ్లే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటన ఏ ముసుగులో వచ్చినా తీసుకోవద్దు. తెలంగాణలో వాటి మీద 2017 నుంచే నిషేధం ఉంది. పైగా మీ పాఠకుల్లో సగం మంది స్కూలు పిల్లలు.

స్పాన్సరు ఏమిచ్చారో కూడా అచ్చు వేయండి. బంతులు ఎవరిచ్చారు, మంచినీళ్లు ఎవరు పెట్టారు, అంబులెన్సు ఎవరు పంపారు. "శుభాకాంక్షలతో" అనే మాట కంటే స్పాన్సర్లకు కూడా అదే బాగుంటుంది. నా దగ్గరున్న పాత పుస్తకాల్లో ఆరంకెల ఫోన్ నంబర్లతో ఇరానీ హోటళ్లు, రేడియో రిపేరు షాపులు, బూట్లు కుట్టే దుకాణాల ప్రకటనలున్నాయి. తేదీ వేయడం మరిచిన పుస్తకాలకు ఆ నంబర్లను బట్టే నేను సుమారు కాలం కట్టాను. మీరు మాత్రం తేదీ, సంవత్సరంతో సహా, కవరు మీదే వేయండి. "ఈ ఆదివారం" అని వేసిన కవరు ఒకటి నా దగ్గరుంది. ఏ ఆదివారమో అది.

ప్రముఖుల సందేశాలకు ఒక పేజీ చాలు. నలుగురుంటే నాలుగు పాసుపోర్టు ఫొటోలు, నలుగురికీ మూడేసి వాక్యాలు. ఇంతకుముందు ఒక ఫైనల్‌కు ఇరవై నాలుగు పేజీల పుస్తకం వేస్తే సందేశాలకే తొమ్మిది పేజీలు పోయాయి. రెండు జట్లూ కలిపి అర పేజీలో ఇరుక్కున్నాయి, నంబర్లు లేకుండా. ఆ రోజు గెలుపు గోల్ కొట్టింది పంతొమ్మిదో నంబరు కుర్రాడు. "ఎవరు, ఎవరు?" అని స్టాండంతా పుస్తకాలు తిరగేశారు. చివరికి మైకులో ఆ పేరు చెప్పింది కూడా తప్పే.

ఒక పని నేను చేసిపెడతాను. జాబితాల ఆఖరి ప్రూఫు గురువారం సాయంత్రంలోగా నాకు పంపండి. రాత్రికి చదివి ఇస్తాను. డబ్బు అక్కర్లేదు. సంతకాలున్న బుధవారం కాగితం దానికి జతచేసి పంపండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని పేరు పేరునా చూస్తాను. పుస్తకాలు వచ్చాక ప్రతి ఆటగాడికి రెండు చొప్పున తీసిపెట్టండి, ఒకటి అతనికి, ఒకటి ఇంటికి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి రెండు కాపీలు పట్టుకెళ్లి ఇవ్వండి, తుది పదకొండు మంది చీటీని లోపల పిన్ను కొట్టి. ఆ రెండు కాపీల్లో ఫైనల్ స్కోరును, గోల్స్ కొట్టినవాళ్ల పేర్లను మీ చేత్తోనే రాసి ఇవ్వండి.

మీ,
జింఖానా మైదానపు పాత ప్రేక్షకుడు, రిటైరైన ప్రూఫ్ రీడరు